రొమ్ము లింఫ్ దారులు, చంకలోని నోడ్స్: ఎంబీబీఎస్ ఫస్టియర్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెక్టోరల్ రీజియన్ డిసెక్షన్ టేబుల్ మీదికి వచ్చిందంటే చాలు, ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే సందేహాలు. ఇంటర్నల్స్ ముందు ఒకసారి, యూనివర్సిటీ పరీక్ష ముందు ఇంకోసారి, మూడేళ్ళ తర్వాత సర్జరీ పోస్టింగ్‌లో మళ్ళీ వస్తాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కడ తెరిచినా ఆ ప్రశ్నకు జవాబు అక్కడే పూర్తవుతుంది, వరుసగా చదవాల్సిన పనిలేదు.

## చదవడం మొదలుపెట్టినప్పుడు

రొమ్ము ఛాతీ మీద ఉంటే లింఫ్ చంకలోకి ఎందుకు పోతుంది?

రొమ్ము ఛాతీ గోడలో భాగం కాదు, చర్మానికి చెందినది. అది రూపు మారిన స్వేద గ్రంథి. ఉండేది సూపర్‌ఫిషియల్ ఫేసియాలో, అంటే చర్మానికీ డీప్ ఫేసియాకూ మధ్య ఉన్న కొవ్వు పొరలో. అది ఉన్న చోట చర్మం నుంచి లింఫ్ ఎటు పోతుందో రొమ్ము నుంచి కూడా ప్రధానంగా అటే పోతుంది. మొండెం మీద బొడ్డు మట్టానికి పైన ఉన్న చర్మం లింఫ్ చంకకు వెళ్తుంది, కింద ఉన్నది గజ్జలకు వెళ్తుంది. ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్ళు దూలానికి ఇటు పడితే ఇటు, అటు పడితే అటు జారినట్టు. రొమ్ము రెండో పక్కటెముక నుంచి ఆరో పక్కటెముక దాకా, అంటే పూర్తిగా పై వాలులో ఉంది.

దీనికి తోడు రొమ్ములో ఒక ముక్క నేరుగా చంకలోనే ఉంటుంది. పై బయటి భాగం నుంచి యాగ్జిలరీ టెయిల్ ఆఫ్ స్పెన్స్ బయల్దేరి, డీప్ ఫేసియాలోని ఫోరామెన్ ఆఫ్ లాంగర్ గుండా లోపలికి దూరి, పెక్టోరల్ గ్రూపు నోడ్స్‌కు ఆనుకుని ఉంటుంది. అందుకే ఆ తోకలో పుట్టిన గడ్డను వాచిన నోడ్ అనుకోవడం, నోడ్‌ను రొమ్ము గడ్డ అనుకోవడం క్లినిక్‌లో జరిగే పొరపాటే.

75, 20, 5 అని బట్టీ పట్టాం. ఆ అంకెలను ఎంతవరకు నమ్మొచ్చు?

పరీక్షలో అవే రాయండి: సుమారు 75 శాతం యాగ్జిలరీ నోడ్స్‌కు, 20 శాతం ఇంటర్నల్ మమ్మరీ నోడ్స్‌కు, 5 శాతం పోస్టీరియర్ ఇంటర్‌కాస్టల్ నోడ్స్‌కు. మన దగ్గర వాడే పుస్తకాలు అలాగే ఇస్తాయి, దిద్దేవాళ్ళూ అదే చూస్తారు.

అయితే ఇవి ఒక్కో మనిషిలో కొలిచి తేల్చిన వాటాలు కావు. ‘సుమారు’ అన్న మాట వదిలేయకండి. కొన్ని పుస్తకాలు ‘75 శాతానికి పైగా’ అని మాత్రమే అంటాయి. అంకె కాస్త అటూ ఇటూ అయినా ప్రధాన దారి చంకదే, రెండోది స్టెర్నమ్ పక్కది, మిగిలినవి పిల్ల దారులు. ఈ వరుస తప్పితే మాత్రం మార్కులు పోతాయి.

లోపలి వైపు గడ్డ ఉంటే ఇంటర్నల్ మమ్మరీకి, బయటి వైపు ఉంటే చంకకు. ఇంతేనా?

ఇంత నీటుగా ఉండదు. సగం మంది వైవాలో ఇరుక్కునేది ఇక్కడే. రొమ్ములోని ఏ క్వాడ్రంట్ నుంచైనా లింఫ్‌లో ఎక్కువ భాగం చంకకే పోతుంది. లోపలి క్వాడ్రంట్లకు ఉన్న తేడా ఏమిటంటే, ఇంటర్నల్ మమ్మరీ నోడ్స్‌కు వెళ్ళే వాటా బయటి క్వాడ్రంట్లతో పోలిస్తే పెద్దది. అంతమాత్రాన చంకకు వెళ్ళే వాటా సున్నా అయిపోదు. అలాగే బయటి క్వాడ్రంట్ నుంచి కూడా కొంత స్టెర్నమ్ వైపు పోవచ్చు.

ఎగ్జామినర్ ‘లోపలి పై క్వాడ్రంట్‌లో క్యాన్సర్ ఉంది, ముందు ఏ నోడ్స్ చూస్తావు?’ అని అడిగితే, ‘చంకే చూస్తాను, ఇంటర్నల్ మమ్మరీకి పాకే అవకాశం కూడా ఇక్కడ ఎక్కువ అని గుర్తుంచుకుంటాను’ అని చెప్పండి. ఇంటర్నల్ మమ్మరీ నోడ్స్ కాస్టల్ కార్టిలేజ్‌ల వెనక, ఇంటర్నల్ థొరాసిక్ ఆర్టరీ వెంట ఉంటాయి కాబట్టి మామూలుగా చేతికి తగలవు. వాటిని చూడాలంటే స్కానే దిక్కు.

సబ్‌ఏరియోలార్ ప్లెక్సస్‌కే లింఫ్ అంతా ముందు చేరి, అక్కడి నుంచి చంకకు వెళ్తుందా?

పాత బోధన అదే. 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ అనాటమిస్ట్ సాపే శవాల్లో పాదరసం ఎక్కించి లింఫ్ నాళాలను గీశాడు. ఏరియోలా కింద ఉన్న దట్టమైన అల్లికకు ఆయన పేరే నిలిచింది. గ్రంథి లోపలి లింఫ్ అంతా ముందు ఇక్కడికి పోగై, ఇక్కడి నుంచే బయటికి వెళ్తుందని చాలాకాలం చెప్పారు.

1959లో టర్నర్-వార్విక్ బతికున్న రోగుల్లో రేడియోధార్మిక బంగారాన్ని వాడి చూసినప్పుడు, గ్రంథి లోతుల నుంచి లింఫ్ నాళాలు ఏరియోలా దగ్గర ఆగకుండా నేరుగా చంక వైపు వెళ్తున్నట్టు తేలింది. కాబట్టి ఇప్పుడు రాయాల్సింది ఇది: సబ్‌ఏరియోలార్ ప్లెక్సస్ ఉంది, నిపుల్, ఏరియోలా, వాటి కింది భాగం లింఫ్‌ను తీసుకుంటుంది, గ్రంథితో దానికి సంబంధాలూ ఉన్నాయి, కానీ గ్రంథి లింఫ్ అంతా దాని గుండానే పోవాలన్న నియమం లేదు. పాత వాక్యమే ఉన్న నోట్స్ ఇంకా జిరాక్స్ షాపుల్లో తిరుగుతున్నాయి, చూసి చదవండి.

## నోడ్స్ దగ్గరికి వచ్చాక

ఐదు గ్రూపులూ కలగాపులగం అవుతున్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పేర్లను కాదు, రక్తనాళాలను పట్టుకోండి. చంకను నాలుగు గోడలున్న పిరమిడ్‌గా ఊహించుకుంటే ప్రతి గ్రూపూ ఒక నాళం పక్కన కూర్చుని ఉంటుంది.

ముందు గోడకు యాంటీరియర్ గ్రూపు, దానికే పెక్టోరల్ అని ఇంకో పేరు. పెక్టొరాలిస్ మైనర్ కింది అంచు వెంట, లాటరల్ థొరాసిక్ నాళాల పక్కన ఉంటుంది. రొమ్ము లింఫ్‌లో ఎక్కువ భాగానికి మొదటి మజిలీ ఇదే. వెనక గోడకు పోస్టీరియర్ గ్రూపు, అంటే సబ్‌స్కాపులర్. సబ్‌స్కాపులర్ నాళాల వెంట ఉండి వీపు పై భాగం లింఫ్‌ను తీసుకుంటుంది. రొమ్ము తోక నుంచి కూడా కొంత వస్తుంది. చేతి వైపు లాటరల్ గ్రూపు, యాగ్జిలరీ వెయిన్ పక్కన. ఇది ప్రధానంగా చేతిది, రొమ్ముది కాదు. ఒక్క మినహాయింపు: సెఫాలిక్ వెయిన్ వెంట వచ్చే లింఫ్ ఈ గ్రూపును తప్పించుకుని పైకి పోతుంది.

ఈ మూడూ తమ లింఫ్‌ను మధ్యలో కొవ్వులో ఉన్న సెంట్రల్ గ్రూపుకు పోస్తాయి. సెంట్రల్ నుంచి చంక కొనలో, మొదటి పక్కటెముక బయటి అంచు దగ్గర, యాగ్జిలరీ వెయిన్ లోపలి పక్కన ఉన్న ఏపికల్ గ్రూపుకు వెళ్తుంది. మొత్తం నోడ్స్ 20 నుంచి 30 దాకా ఉంటాయి.

సెంట్రల్ గ్రూపు గురించి ఒక చిన్న సంగతి వైవాలో బాగా పనికొస్తుంది. ఇంటర్‌కాస్టోబ్రాకియల్ నర్వ్ ఈ నోడ్స్ మధ్య నుంచే వెళ్తుంది. అవి వాచి ఆ నరాన్ని నొక్కితే మోచేతికి పైన, చేతి లోపలి వైపు నొప్పి వస్తుంది.

అనాటమీలో ఐదు గ్రూపులు, సర్జరీలో మూడు లెవెల్స్. రెండూ ఒకటేనా?

నోడ్స్ అవే, గీత గీసే పద్ధతి వేరు. అనాటమిస్ట్ గోడలను, నాళాలను బట్టి ఐదుగా విడదీస్తాడు. సర్జన్‌కు ఆపరేషన్‌లో కళ్ళ ముందు కనిపించే గుర్తు కావాలి, అది పెక్టొరాలిస్ మైనర్ కండరం. దాని కింది అంచుకు బయట ఉన్నవి లెవెల్ 1, కండరం వెనక ఉన్నవి లెవెల్ 2, పై అంచుకు లోపల ఉన్నవి లెవెల్ 3. ఈ విభజనను 1955లో బెర్గ్ అనే పాథాలజిస్ట్ ఇచ్చాడు.

రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెడితే యాంటీరియర్, పోస్టీరియర్, లాటరల్ గ్రూపులు లెవెల్ 1లోకి, సెంట్రల్ ఎక్కువగా లెవెల్ 2లోకి, ఏపికల్ లెవెల్ 3లోకి వస్తాయి. ఇది స్థూలమైన సర్దుబాటే. సెంట్రల్ నోడ్స్ కొన్ని కండరం అంచు దాటి లెవెల్ 1లో కూడా ఉంటాయి, అందుకే పుస్తకానికీ పుస్తకానికీ చిన్న తేడా కనిపిస్తుంది. రోగికి ముఖ్యమైనది ఏమిటంటే, క్యాన్సర్ సాధారణంగా 1, 2, 3 వరుసలో పైకి ఎక్కుతుంది. లెవెల్ 1 శుభ్రంగా ఉండి నేరుగా లెవెల్ 3కి గెంతడం అరుదు. సర్జన్ లెవెల్ 1, 2 తీసి ఊరుకోవడానికి ధైర్యం ఇచ్చేది ఈ వరుసే.

రోటర్స్ నోడ్స్ అంటే ఏవి?

పెక్టొరాలిస్ మేజర్, మైనర్ కండరాల మధ్య ఉండే చిన్న నోడ్స్. ఇంటర్‌పెక్టోరల్ నోడ్స్ అన్నా ఇవే. రొమ్ము వెనక భాగం నుంచి పెక్టొరాలిస్ మేజర్‌ను చీల్చుకుని వెళ్ళే కొన్ని లింఫ్ నాళాలు వీటిని చేరి, అక్కడి నుంచి ఏపికల్ గ్రూపుకు వెళ్తాయి. స్టేజింగ్‌లో వీటిని లెవెల్ 2తో కలిపి లెక్కేస్తారు.

ఏపికల్ నోడ్స్ దాటాక లింఫ్ ఎటు పోతుంది?

ఏపికల్ గ్రూపు నుంచి బయల్దేరే నాళాలు కలిసి సబ్‌క్లేవియన్ లింఫ్ ట్రంక్ అవుతాయి. ఎడమ వైపు అది సాధారణంగా థొరాసిక్ డక్ట్‌లో, కుడి వైపు రైట్ లింఫాటిక్ డక్ట్‌లో గానీ నేరుగా సబ్‌క్లేవియన్, ఇంటర్నల్ జుగులర్ వెయిన్లు కలిసే చోట గానీ కలుస్తుంది. కొంత లింఫ్ సుప్రాక్లావిక్యులర్ నోడ్స్‌కు కూడా వెళ్తుంది. కాలర్ బోన్ పైన గట్టి నోడ్ తగిలితే జబ్బు చంకను దాటి వచ్చిందని అర్థం. 1997 నాటి స్టేజింగ్‌లో దీన్ని దూర వ్యాప్తి కింద, అంటే ఎం1గా లెక్కేసేవారు. తర్వాతి ఎడిషన్‌లో ఎన్3సీకి మార్చారు. పాత గైడ్లు పట్టుకున్నవాళ్ళు ఇక్కడ తప్పు రాస్తున్నారు.

## పరీక్ష దగ్గర పడ్డప్పుడు

రొమ్ముకు ఇన్ని లింఫ్ దారులుంటే పరీక్షలో అందరూ చంక నోడ్స్ మీదే ఎందుకు పడతారు?

ఎక్కువ లింఫ్ అక్కడికే పోతుంది అన్నది సగం జవాబే. మిగతా సగం ఏమిటంటే, మూడు దారుల్లో చేయి పెట్టి తడిమి చూడగలిగేదీ, తేలిగ్గా కోసి తీసి లెక్కపెట్టగలిగేదీ ఇదొక్కటే. ఇంటర్నల్ మమ్మరీ నోడ్స్ ఎముక వెనక ఉన్నాయి, ఇంటర్‌కాస్టల్ నోడ్స్ వెన్నెముక పక్కన ఉన్నాయి. చంక నోడ్స్ చర్మం, కొవ్వు కింద అందుబాటులో ఉన్నాయి.

అందుబాటులో ఉన్నాయి కాబట్టి క్యాన్సర్ ఎంత దూరం వెళ్ళిందో వాటితోనే కొలుస్తారు. తీసిన నోడ్స్‌లో 1 నుంచి 3 వరకు క్యాన్సర్ కనిపిస్తే పీఎన్1, 4 నుంచి 9 అయితే పీఎన్2, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే పీఎన్3. ఆ అంకె మారితే స్టేజ్ మారుతుంది, కీమో, రేడియేషన్ నిర్ణయాలూ మారతాయి. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం పుట్టేది పై బయటి క్వాడ్రంట్‌లో, అంటే చంకకు అతి దగ్గరలో. ఇవన్నీ ఒకే చోట కలవడం వల్ల ఒక్క ప్రశ్నతో ఎగ్జామినర్ మీ రీజనల్ అనాటమీ, నాళాలు, నరాలు, క్లినికల్ ఆలోచన అన్నీ చూసేస్తాడు. ప్రశ్న తయారుచేసేవాళ్ళకు ఇంత గిట్టుబాటైన టాపిక్ అప్పర్ లింబ్‌లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

కరిక్యులమ్ వైపు నుంచి చూసినా, నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన కాంపిటెన్సీల్లో రొమ్ము లింఫ్ డ్రైనేజీ ఒకచోట, యాగ్జిలరీ నోడ్ గ్రూపులు ఇంకోచోట, ఆ నోడ్స్ వాపుకు అనాటమీ ఆధారం మరోచోట విడివిడిగా ఉన్నాయి. వరంగల్, విజయవాడ యూనివర్సిటీల కింద చదివేవాళ్ళకైనా, ఇంకెక్కడి వాళ్ళకైనా సిలబస్ ఆ జాబితా నుంచే.

లాంగ్ ఎస్సే వస్తే బొమ్మ ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది రొమ్మును గుండ్రంగా గీసి చుట్టూ బాణాలు పెడతారు. తర్వాత చంకలో చోటు చాలక నోడ్స్‌ను ఒకదాని మీద ఒకటి ఇరికిస్తారు. దానికి బదులు ముందు కాలర్ బోన్ గీయండి. తర్వాత పెక్టొరాలిస్ మైనర్‌ను త్రికోణంలా గీయండి, మొన కోరకాయిడ్ ప్రాసెస్ దగ్గర, అడుగు 3, 4, 5 పక్కటెముకల మీద. దాని వెనక నుంచి అడ్డంగా యాగ్జిలరీ వెయిన్‌ను గీయండి. ఇప్పుడు నోడ్స్‌కు చోట్లు వాటంతటవే కుదురుతాయి: కండరం కింది అంచున యాంటీరియర్, వెయిన్ చేతి వైపు చివర లాటరల్, వెనక పోస్టీరియర్, కండరం వెనక సెంట్రల్, కండరం పైన లోపలి వైపు ఏపికల్. చివర్లో రొమ్మును, దాని తోకను గీసి బాణాలు వేయండి. స్టెర్నమ్ పక్కన ఇంటర్నల్ మమ్మరీ నోడ్స్‌ను ఒక వరుసలో పెట్టండి.

రాతలో ముందు నోడ్స్, ఆపైన లింఫ్ నాళాలు, ఆఖరున అప్లైడ్ అనాటమీ. నాళాల దగ్గర చర్మానివి, గ్రంథివి వేరుగా రాయండి. నిపుల్, ఏరియోలాను మినహాయించి మిగతా చర్మం లింఫ్ చుట్టుపక్కల నోడ్స్‌కు పోతుంది: బయటి వైపుది చంకకు, పై వైపుది సుప్రాక్లావిక్యులర్‌కు, లోపలి వైపుది ఇంటర్నల్ మమ్మరీకి. లోపలి వైపు నాళాలు మధ్య గీత దాటి రెండో రొమ్ము నాళాలతో కలుస్తాయి, కింది లోపలి భాగంవి రెక్టస్ షీత్ గుండా పొట్టలోకి, లివర్ వైపు దారి ఇస్తాయి. ఈ రెండు వాక్యాలు ఉన్న పేపర్ దిద్దేవాళ్ళ కంట్లో వెంటనే పడుతుంది.

డిసెక్షన్‌లో నోడ్స్ కనిపించడం లేదు. అంతా కొవ్వే ఉంది.

ఫార్మలిన్‌లో నానిన చంకలో కొవ్వు, నోడ్ ఒకే రంగులో ఉంటాయి, కంటితో వెతికితే దొరకవు. చూపుడు వేలు, బొటనవేలు మధ్య కొవ్వు ముద్దను మెల్లగా నలపండి. కొవ్వు జారిపోతుంది, నోడ్ చిక్కుడు గింజంత గట్టిగా వేళ్ళ మధ్య నిలుస్తుంది. ఎక్కడ నలపాలో తెలియాలంటే లాటరల్ థొరాసిక్ వెయిన్‌ను పట్టుకుని పెక్టొరాలిస్ మైనర్ అంచు వెంట పైకి వెళ్ళండి. కొవ్వును ముందే గీకి పారేసిన టేబుల్ మీద నోడ్స్ వెతకడం వృథా, అవి బకెట్లో ఉంటాయి.

చర్మం గుంట పడటం, నిపుల్ లోపలికి పోవడం, నారింజ తొక్కలా అవడం: మూడూ లింఫ్ వల్లేనా?

ఒక్కటే లింఫ్ వల్ల. నారింజ తొక్క రూపం, అంటే పో డోరాంజ్, చర్మం కింది లింఫ్ నాళాలు క్యాన్సర్ కణాలతో మూసుకుపోతే వస్తుంది. నీరు నిలిచి చర్మం ఉబ్బుతుంది, కానీ వెంట్రుకల కుదుళ్ళు, స్వేద గ్రంథుల నాళాలు ఉన్నచోట చర్మం లోతుకు కట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడ ఉబ్బలేక సన్నటి గుంటలుగా మిగిలిపోతుంది. చర్మం ఒకచోట లోపలికి లాగబడి గుంట పడటానికి కారణం కూపర్స్ లిగమెంట్లు కుంచించుకోవడం. నిపుల్ లోపలికి పోవడానికి కారణం పాల నాళాలు పీచుకట్టి లాగడం. లక్షణం పక్కన కారణాన్ని తారుమారు చేసి ఇవ్వడం ఎంసీక్యూల్లో పాత ట్రిక్కే.

రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు వెళ్ళేది కూడా లింఫ్ ద్వారానేనా?

ముఖ్యంగా వెయిన్ల ద్వారా. రొమ్ము నుంచి పోస్టీరియర్ ఇంటర్‌కాస్టల్ వెయిన్లలోకి వెళ్ళే రక్తానికి వెన్నెముక చుట్టూ ఉన్న వర్టిబ్రల్ వీనస్ ప్లెక్సస్‌తో సంబంధం ఉంది. ఆ ప్లెక్సస్‌లో వాల్వులు లేవు. దగ్గినా ముక్కినా ఛాతీ, పొట్టలో ఒత్తిడి పెరిగి రక్తం వెనక్కి మళ్ళుతుంది, దాంతో కణాలు గుండె, ఊపిరితిత్తులను తాకకుండానే వెన్నుపూసలకు చేరగలవు. లింఫ్ డ్రైనేజీ ఎస్సేలో దీన్ని రాయాలనిపిస్తే ‘వెయిన్ల ద్వారా’ అని స్పష్టంగా రాయండి.

## వార్డులోకి వెళ్ళాక

చంకలో నోడ్స్‌ను ఎలా తడమాలి? ఎంత వెతికినా ఏమీ తగలదు.

తగలకపోవడానికి మామూలు కారణం రోగి చేయి పైకెత్తి ఉండటం. చేయి ఎత్తితే యాగ్జిలరీ ఫేసియా బిగుసుకుంటుంది, దాని కింద నోడ్ ఉన్నా అందదు. చేయి ఎత్తించి మీ వేళ్ళు లోపలికి పోనిచ్చాక, చేయి కిందికి దింపించి, ఆమె ముంజేయి బరువును మీ రెండో చేతి మీద ఆనించుకోండి. అప్పుడు చంక వదులవుతుంది.

కుడి చంకను ఎదుట నిలబడి మీ ఎడమ చేత్తో, ఎడమ చంకను కుడి చేత్తో చూడండి. వేళ్ళను వీలైనంత పైకి పోనిచ్చి ఏపికల్, తర్వాత ఛాతీ గోడకు అదిమి కిందికి జారుస్తూ సెంట్రల్, ముందు మడతను బొటనవేలికీ వేళ్ళకూ మధ్య పట్టి యాంటీరియర్. లాటరల్ గ్రూపును చేతి ఎముక మీదికి అదిమి చూడాలి. పోస్టీరియర్‌కు రోగి వెనక్కి వెళ్ళి వెనక మడతను తడమడం తేలిక. నోడ్ తగిలితే ఎన్ని, ఎంత గట్టివి, కదులుతున్నాయా, ఒకదానికొకటి అతుక్కున్నాయా అన్నవి నోట్ చేయండి. కదిలితే ఎన్1, ఒకదానికొకటి గానీ చుట్టుపక్కలకు గానీ అతుక్కుంటే ఎన్2. తగలలేదంటే జబ్బు లేదని కాదు. చిన్న మచ్చలు మైక్రోస్కోప్‌కే కనిపిస్తాయి.

సెంటినెల్ నోడ్ అంటే ఏది? అది ఎప్పుడూ యాంటీరియర్ గ్రూపులోనే ఉంటుందా?

గడ్డ నుంచి వచ్చే లింఫ్ అన్నిటికంటే ముందు చేరే నోడ్ అది. ఒక్కోసారి ఒకటికి మించి కూడా ఉంటాయి. సాధారణంగా లెవెల్ 1లో దొరుకుతుంది, కానీ ఫలానా గ్రూపులోనే ఉండాలని లేదు. అందుకే పేరుతో కాదు, రంగుతో వెతుకుతారు. ఏరియోలా కింద గానీ గడ్డ చుట్టూ గానీ నీలం డై, లేదా టెక్నీషియం-99ఎం కలిపిన కొల్లాయిడ్, లేదా రెండూ ఎక్కించి, నీలంగా మారిన లేక గామా ప్రోబ్‌కు శబ్దం ఇచ్చిన నోడ్‌ను తీసి పరీక్షిస్తారు. మన దేశంలో చవకగా దొరుకుతుందని మెథిలీన్ బ్లూను ఎక్కువగా వాడతారు. రొమ్ములో ఈ పద్ధతిని 1993లో క్రాగ్ రేడియో కొల్లాయిడ్‌తో, 1994లో జూలియానో డైతో ప్రచురించారు.

ఆ నోడ్ శుభ్రంగా ఉంటే మిగతావి తీయనక్కర్లేదు. ఇది వందకు వంద కాదు. సెంటినెల్ శుభ్రంగా ఉండి ఇంకో నోడ్‌లో జబ్బు దాగి ఉండటం, చంకలో నిజంగా జబ్బు ఉన్నవాళ్ళలో పదిమందిలో ఒకరి దాకా జరగవచ్చు. లింఫ్ నాళం క్యాన్సర్‌తో పూర్తిగా మూసుకుపోతే డై పక్క దారి పట్టడం ఒక కారణం. అందుకే చంకలో గట్టి నోడ్ చేతికి తగులుతున్నప్పుడు ముందు సూదితో దాన్నే పరీక్షిస్తారు.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూపిస్తారా?

పరీక్షలో ఇచ్చే తరహాలో ఒకటి తీసుకుందాం. 48 ఏళ్ళ ఆమె, కుడి రొమ్ము పై బయటి క్వాడ్రంట్‌లో 3 సెంటీమీటర్ల గట్టి గడ్డ. కుడి చంకలో ముందు మడత వెనక ఒక నోడ్ తగులుతోంది, కదులుతోంది. కాలర్ బోన్ పైన ఏమీ లేదు.

గడ్డ 2 దాటి 5 సెంటీమీటర్ల లోపు ఉంది కాబట్టి టీ2. చంక నోడ్ కదులుతోంది కాబట్టి క్లినికల్‌గా ఎన్1. దూర వ్యాప్తి లేదని తేలితే అనాటమీ లెక్కన స్టేజ్ 2బీ. నోడ్ ఉన్న చోటును బట్టి అది యాంటీరియర్ గ్రూపుది, సర్జన్ భాషలో లెవెల్ 1. లింఫ్ దారి ఇలా: గడ్డ నుంచి లాటరల్ థొరాసిక్ నాళాల వెంట యాంటీరియర్ గ్రూపు, అక్కడి నుంచి సెంట్రల్, ఏపికల్, ఆపై కుడి సబ్‌క్లేవియన్ ట్రంక్.

అల్ట్రాసౌండ్ చూస్తూ నోడ్‌లోంచి సూదితో తీసిన శాంపిల్‌లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. చాలా చోట్ల ముందు కీమో ఇచ్చి చంకను మళ్ళీ అంచనా వేస్తారు. మన కేసులో ముందే ఆపరేషన్ అనుకుందాం. లెవెల్ 1, 2 తీస్తారు. పైన హద్దు యాగ్జిలరీ వెయిన్, దాన్ని దాటి పైకి పోరు. లెవెల్ 3ని, అక్కడ జబ్బు కనిపిస్తే తప్ప, ముట్టుకోరు. రిపోర్ట్‌లో 14 నోడ్స్, వాటిలో 3లో జబ్బు. అంటే పీఎన్1. ఇంకొక్క నోడ్‌లో దొరికి ఉంటే పీఎన్2 అయ్యేది. పాథాలజిస్ట్ కొవ్వు ముద్దలో నోడ్స్‌ను ఎంత ఓపిగ్గా వెతికాడన్నది స్టేజ్‌ను మార్చేయగలదు.

నోడ్స్ తీశాక చేయి లోపలి వైపు మొద్దుబారింది, భుజం ఎముక పైకి లేచింది అంటే ఏ నరాలు?

పై చేతి లోపలి వైపు మొద్దుబారితే ఇంటర్‌కాస్టోబ్రాకియల్ నర్వ్. ఇది చంక కొవ్వును అడ్డంగా దాటుతుంది కాబట్టి కాపాడటం కష్టం, దెబ్బతినడం మామూలే. గోడకు చేతులు ఆనించి తోసినప్పుడు స్కాపులా లోపలి అంచు రెక్కలా లేస్తే లాంగ్ థొరాసిక్ నర్వ్. సెరాటస్ యాంటీరియర్ పనిచేయడం లేదు. చేతిని వెనక్కి, లోపలికి లాగే బలం తగ్గితే థొరాకోడార్సల్ నర్వ్. లాటిస్సిమస్ డార్సై పోయింది. ఇది సబ్‌స్కాపులర్ నోడ్స్ మధ్యలో ఉంటుంది, ఆ గ్రూపును తీసేటప్పుడే ప్రమాదం.

రొమ్ముకు ఆపరేషన్ చేస్తే చేయి ఎందుకు వాస్తుంది?

చేతి లింఫ్ కూడా అదే చంక గుండా పోవాలి కాబట్టి. రొమ్ము కోసం నోడ్స్ తీసినప్పుడు చేతి దారి కూడా తెగుతుంది. రేడియేషన్ కూడా తోడైతే మిగిలిన నాళాలు పీచుకడతాయి. వాపు ఆపరేషన్ మర్నాడే రావాలని లేదు, నెలలు, ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. చంకను పూర్తిగా శుభ్రం చేసినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. సెంటినెల్ నోడ్ మాత్రమే తీసినవాళ్ళలో ఇది చాలా తక్కువ. ఒకటి రెండు సెంటినెల్ నోడ్స్‌లో జబ్బు ఉన్నా, రొమ్మును నిలిపి రేడియేషన్ ఇచ్చే రోగుల్లో చంకను మొత్తం తీయడం వల్ల ఆయుష్షు పెరగలేదని 2011లో ప్రచురించిన జడ్0011 ట్రయల్ చూపింది. నోడ్స్ తీయడం తగ్గుతూ రావడానికి ఈ చేతి వాపు భయం కూడా ఒక కారణం.

మగవాళ్ళలో లింఫ్ దారి వేరేనా?

వేరు కాదు. గ్రంథి చిన్నదైనా దారులు అవే, మొదట చూడాల్సింది చంకనే. కణజాలం తక్కువ కాబట్టి గడ్డ చర్మానికి, నిపుల్‌కు, కింది కండరానికి త్వరగా చేరుతుంది.